డ్రెయిన్ మెయిల్స్ లిస్టులో నా బదులు మా కౌలు రైతు అబ్బాయిని చేర్చే విషయం

బాబాయ్ గారికి,

నమస్కారమండి. పిన్ని గారికి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గిందని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు, సంతోషం.

ఈ మెయిల్ మీ ఒక్కరికే రాస్తున్నాను. అందరికీ పెడితే “ఏమైంది, ఎవరేమన్నారు” అంటూ జవాబులు మొదలవుతాయి. మెయిల్స్ తగ్గించమని అడగబోయి ఇంకో వారం పాటు మెయిల్స్ పెంచినవాడినవుతాను.

అడగాల్సింది ఇది. మన మురుగు కాలువ విషయాలు వెళ్లే లిస్టులోంచి నా అడ్రస్ తీసేసి, మా చేను కౌలుకు చేస్తున్నాయన పెద్దబ్బాయి అడ్రస్ పెట్టండి. తండ్రీకొడుకులిద్దరినీ అడిగాను, సరేనన్నారు. ఆ అబ్బాయి డిగ్రీ చదివాడు, అమలాపురంలోనే ఉద్యోగం, రోజూ ఇంటికి వచ్చేస్తాడు. మెయిల్ చూసి వాళ్ల నాన్నకి చదివి చెప్పగలడు. అడ్రస్ మీ వాట్సాప్‌కి విడిగా పంపాను.

పోయిన వారం రొయ్యల చెరువుల గురించి మెయిల్స్‌లో జరిగిన వాదన చూసి నేను అలిగి తప్పుకుంటున్నానని ఎవరైనా అనుకుంటారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. అలాంటిదేమీ లేదు. ఆ విషయంలో నా మాట అప్పుడే చెప్పేశాను. చెరువు గట్టు డ్రెయిన్ పోరంబోకులోకి వస్తే ఎవరిదైనా వెనక్కి జరపాల్సిందే, మా బంధువులదైనా సరే. ఈ రోజుకీ అదే మాట మీద ఉన్నాను. చెరువుల వాళ్లతోగాని, చేల వాళ్లతోగాని నాకు మాట పట్టింపులు లేవు.

అసలు కారణం మనం పెట్టుకున్న రూల్. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు, మోహన్ కందా కమిటీకి ఇవ్వాల్సిన వినతిపత్రం కోసం మీరు ఈ మెయిల్ మొదలుపెట్టారు. రాత్రికి రాత్రి కాగితం తయారు కావాలి, సగం మంది హైదరాబాద్‌లో, నలుగురైదుగురు అమెరికాలో. అందుకే “మూడు రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే” అన్నారు. ఆ రోజుకి అది చాలా మంచి పద్ధతి. ఇప్పటికీ అదే నడుస్తోంది. అయితే ఇప్పుడు నేను విశాఖలో పొద్దున ఎనిమిదికి బయల్దేరి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరుతున్నాను. పూడికతీత ఎస్టిమేట్ మీద నేను చదవకుండానే నా పేరు ఒప్పుకున్నవాళ్లలో పడటం నాకు నచ్చడం లేదు, మీకూ నచ్చదు.

మెయిల్స్ వచ్చినా కనపడకుండా పక్క ఫోల్డర్‌లోకి వెళ్లేలా పెట్టుకోవచ్చు కదా అని అన్నయ్య అన్నాడు. అది చిటికెలో పని. కానీ లిస్టులో పేరుంటే నేను చూశాననే మీరందరూ అనుకుంటారు. మీకు చెప్పి తప్పుకోవడమే పద్ధతనిపించింది.

పైగా నీళ్లు ఎక్కడ నిలిచాయో ఇప్పుడు నాకంటే మా కౌలు రైతుకే బాగా తెలుసు. సార్వా నాట్లు పడ్డాక వాన కొడితే గట్టు మీద నిలబడేది ఆయన. గుర్రపు డెక్క ఏ తూము దగ్గర అడ్డుపడిందో, అమావాస్య పోటుకి నీరు ఎంత దూరం ఎదురుతన్నిందో నేను ఆయనకి ఫోన్ చేసి కనుక్కుని మీకు రాస్తున్నాను. మధ్యలో నేనెందుకు? 2019 చట్టం కింద ఇచ్చే 11 నెలల సాగు హక్కు పత్రానికి నేను సంతకం పెట్టాను, ఈ-క్రాప్‌లో కూడా ఆయన పేరే ఎక్కింది. పంట మునిగితే పోయేది ఆయన పెట్టుబడి.

కౌలు రైతులు మన మెయిల్స్‌లో ఎందుకని ఒకరిద్దరికి అనిపించవచ్చు. ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. వాళ్లు అడిగితే “భూమి గలాయనే పంపించాడు” అని నా మీద పెట్టేయండి, ఫోన్ చేస్తే నేను మాట్లాడతాను. నిజానికి ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా ఇలా చేస్తే మంచిదేనని నా అభిప్రాయం, కానీ అది ఈ మెయిల్‌లో తేలే విషయం కాదు.

లిస్టులో లేనంత మాత్రాన బాధ్యతలోంచి తప్పుకున్నట్టు కాదు. పూడికతీతకి ఎకరానికి ఎంత వేసుకుంటే అంత, నా వాటా నేనే ఇస్తాను, కౌలు రైతు మీద వెయ్యను. కలెక్టరేట్‌కి ఇచ్చే కాగితాల మీద పట్టాదారు సంతకం కావాలంటే ఒక్క ఫోన్ చేయండి. 2011 నుంచి నా దగ్గరున్న వినతిపత్రాల కాపీలు, ముంపు ఫోటోలు అన్నీ సంవత్సరాల వారీగా సర్ది పెన్‌డ్రైవ్‌లో వేశాను. మొగ పూడిపోయినప్పుడు ఇసుక మేట మీద నిలబడి తీసినవి కూడా ఉన్నాయి.

ఇంకొక్క చిన్న పని. మీరు లిస్టులోంచి తీసినా, ఎవరైనా పాత మెయిల్ తెరిచి రిప్లై ఆల్ కొడితే నా అడ్రస్ మళ్లీ వచ్చేస్తుంది, కొత్త అబ్బాయికి ఆ మెయిల్ అందదు. అందుకని పాత గొలుసుని అక్కడితో ఆపి, కొత్త లిస్టుతో కొత్త మెయిల్ ఒకటి మొదలుపెట్టండి. పొరపాటున నాకు ఒకటీ అరా వస్తే నేనేమీ అనుకోను, ఎవరినీ దిద్దవద్దు. కాలువలు కట్టేసిన ఈ రోజుల్లోనే ఎస్టిమేట్ తేలాలి కాబట్టి, దాని మీద మెయిల్ పెట్టేలోపే ఈ మార్పు చేస్తే బాగుంటుంది.

అందరికీ చెప్పేటప్పుడు మీ మాటల్లోనే చెప్పండి. రాసే తీరిక లేకపోతే ఇది అలాగే పెట్టేయండి:

“చిన్నబాబు చేను కౌలుకు ఉన్నందువల్ల, ఇకనుంచి ఆ చేను తరఫున కౌలు రైతు గారి అబ్బాయి మన మెయిల్స్ చూస్తారు. ఖర్చులో వాటా, సంతకాలు ఎప్పటిలాగే చిన్నబాబువే. దయచేసి పాత మెయిల్‌కి కాకుండా ఈ మెయిల్‌కే జవాబివ్వండి.”

ఇంతకంటే వివరంగా రాయకండి. ఎక్కువ చెప్పేకొద్దీ వెనక ఏదో ఉందనుకుంటారు మనవాళ్లు.

ఇన్నేళ్లూ ఎవరి మెయిల్ ఎవరికి అందలేదో చూసుకుంటూ, వాన ఫోటోల మధ్య ఎస్టిమేట్ కాగితం వెతికి మళ్లీ మళ్లీ పంపుతూ మీరు పడ్డ శ్రమ నాకు తెలుసు. ఈ వయసులో ఆ పని మీరొక్కరే చేయక్కర్లేదు. కొత్తగా వచ్చే అబ్బాయికి కంప్యూటర్ పని బాగా వచ్చు, కావాలంటే లిస్టు చూసుకునే పని కొంత అతనికి అప్పజెప్పండి.

శనివారం కొబ్బరి దింపుకి ఊరొస్తున్నాను. సాయంత్రం ఆ అబ్బాయిని కూడా తీసుకుని మీ ఇంటికి వస్తాను, పెన్‌డ్రైవ్ అప్పుడే ఇస్తాను. ఆ వేళకి మీకు వీలుకాకపోతే ఆదివారం పొద్దున్నైనా పర్వాలేదు, ఒక్క ముక్క చెప్పండి.

పిన్ని గారికి నమస్కారాలు.

మీ
చిన్నబాబు