బాబాయ్‌కి వాట్సాప్‌లో: ఆ ఒక్క ఫోటో గురించి

బాబాయ్, భోజనాలయ్యాయా? ఫోన్లో అయితే సరిగ్గా చెప్పలేనేమోనని రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

ఫేస్‌బుక్‌లో మీ రిటైర్మెంట్ పోస్టు ఇంట్లో అందరం చదివాం. మొదటి పోస్టింగులో వాగు దాటి సైకిలు మీద బడికి వెళ్ళిన రోజుల గురించి రాసింది మా ఆయన పైకి చదివి వినిపించారు. కింద మీ పాత విద్యార్థుల కామెంట్లు చూస్తుంటే, నాన్న ఉండుంటే ఎంత మురిసిపోయేవారో అనిపించింది.

నేనడిగేది అందులో ఒక్క ఫోటో గురించే. చివర్లో పెట్టారు చూడండి, మా చిన్నిది. చాప మీద కూర్చోబెట్టి, బుగ్గలకి పసుపు రాసి, ఒళ్ళో చిమ్మిలి పళ్ళెంతో ఉన్నది. నానమ్మ అక్షింతలు వేస్తోంది, వెనకాల మనందరం నిలబడ్డాం. అది ఎందుకు పెట్టారో నాకు తెలుసు బాబాయ్. నానమ్మతో అందరం కలిసి దిగిన ఆఖరి ఫోటో అదే.

కానీ 'మా మనవరాలు పెద్దమనిషి అయిన రోజు' అని రాసి నన్ను ట్యాగ్ చేశారు కదా, దాంతో నా ఫ్రెండ్స్‌కి కూడా కనిపించింది. అందులో దాని క్లాసు పిల్లల అమ్మలున్నారు. వాళ్ళమ్మ ఫోన్లో చూసిన ఒకబ్బాయి క్లాసులో అందరి ముందూ అడిగాడట. ఎనిమిదో తరగతి పిల్లలు ఎలా ఉంటారో మీకు నేను చెప్పాలా! సోమవారం నుంచి స్కూలుకి వెళ్ళనని ఒకటే ఏడుపు. "చిన్నతాతయ్యని ఏమీ అనకమ్మా, ఫోటో మాత్రం తీసేయమను" అంది. పిలుచుకున్న చుట్టాల మధ్య వేడుక జరిపించినందుకు దానికి ఏ బాధా లేదు. తోటి పిల్లలకి తెలియడమే తట్టుకోలేకపోతోంది.

నా ట్యాగ్ నేను తీసేసుకోగలను. అయినా ఫోటో మీ పోస్టులో అలాగే ఉంటుంది, మీరే తీయాలి. పోస్టు మొత్తం మాత్రం తీసేయకండి, దయచేసి. ఆ ఫోటో ఒక్కటే తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కితే Delete photo అని వస్తుంది. మీరు రాసింది, మిగతా ఫోటోలు ఎక్కడికీ పోవు. ప్రత్యేకంగా ఆ ఫోటో కింద పెట్టిన కామెంట్లు పోతాయి. పెద్దత్త నానమ్మ గురించి రాసింది చాలా బావుంది, అది పోకూడదని స్క్రీన్‌షాట్ తీసి ఉంచాను, పంపిస్తాను.

అదే రోజు అరుగు మీద నానమ్మ మీ భుజం మీద చెయ్యేసి నవ్వుతున్న ఫోటో ఒకటి నా దగ్గరుంది. మీరిద్దరే ఉన్నారు. దాని బదులు ఇది పెట్టుకుంటారా? కింద పంపుతున్నాను. మన ఫ్యామిలీ గ్రూపులో ఉన్నది అలాగే ఉండనివ్వండి, మనవాళ్ళేగా. బయటికి మాత్రం ఎవరూ పంపొద్దని మీరు ఒక మాట చెబితే వింటారు.

ఈ రాత్రికే తీయగలిగితే, పొద్దున దాన్ని స్కూలుకి పంపేటప్పుడు తాతయ్య తీసేశారని చెప్తాను. ఏమైనా తికమకగా ఉంటే ఎంత రాత్రయినా ఫోన్ చేయండి, వీడియో కాల్లో చూపిస్తాను. పిన్నిని అడిగానని చెప్పండి.

లలిత