పియాజే సిద్ధాంతం: 20 మార్కుల వ్యాసానికి పేరాల ప్లాన్

హన్మకొండ, వరంగల్ కాలేజీల్లో తెలుగు మీడియంలో సైకాలజీ చదివే డిగ్రీ చివరి సంవత్సరం వాళ్లకు, ప్రీఫైనల్ ముందు చదువుకోవడానికి.

ప్రశ్న: "జీన్ పియాజే సంజ్ఞానాత్మక వికాస సిద్ధాంతాన్ని వివరించి, విమర్శనాత్మకంగా మూల్యాంకనం చేయండి." 20 మార్కులు, 45 నిమిషాలు.

ప్రశ్న అడిగేవి రెండు పనులు. దిద్దడానికి వచ్చే ప్రతి కట్టలోనూ కనబడే జవాబు మాత్రం ఒకటే రకం: "వివరించి"కి నాలుగు పేజీలు, మూల్యాంకనానికి "లోపాలు" అనే హెడ్డింగ్ కింద అయిదు లైన్లు. అలాంటి పేపర్ సగం మార్కులు దాటడం కష్టం. నాలుగు దశలూ వరుసగా నోటికి వస్తాయి కాబట్టి రాయడం మొదలుపెడితే చేయి ఆగదు. టెట్, డీఎస్సీ బిట్లు బాగా బట్టీ పట్టిన వాళ్లలో ఈ అలవాటు మరీ ఎక్కువ. సర్వాత్మవాదం నుంచి ఏకమితి దాకా గుర్తొచ్చిన ప్రతి పదాన్నీ దించేస్తారు.

దీనికి మందు ఒక్కటే. తర్వాత ఏ అంశాన్ని విమర్శిస్తారో ముందు దాన్నే వివరంగా రాయండి, మిగతాది ఒక్క వాక్యంలో దాటేయండి. అంటే ప్లాన్ వెనక నుంచి ముందుకు వేయాలి. మొదటి 5 నిమిషాల్లో చివరి పేజీ మీద మూడు విమర్శలు, ఒక్కోదాని పక్కన ఒక పరిశోధన పేరు రాసుకోండి. ఆ మూడింటికి ఏం వివరణ కావాలో అప్పుడు చూసుకోండి.

ఇప్పుడు లెక్క. ప్లాన్‌కి 5, మళ్లీ చదవడానికి 4 పోతే రాయడానికి 36 నిమిషాలు మిగులుతాయి. తెలుగులో నిమిషానికి 14 పదాలు రాసే చేతికి అది దాదాపు 500 పదాలు, అంటే అయిదు పేజీలు. ఏడు పేరాలకు మించి పట్టవు.

1వ పేరా, పరిచయం, 45 పదాలు. పియాజే (1896–1980) స్విట్జర్లాండ్ వాడు, చదివింది జీవశాస్త్రం. పిల్లల ఆలోచన పెద్దల ఆలోచనకు చిన్న రూపం కాదని, దాని తీరే వేరని ఆయన వాదన. చివరి వాక్యంలో మీ తీర్పు ముందే చెప్పేయండి: "దశల క్రమం చాలావరకు నిలిచింది, వయసులు నిలవలేదు." పుట్టిన ఊరు, తల్లిదండ్రుల వివరాలకు మార్కులు రావు.

2వ పేరా, వికాసం జరిగే తీరు, 75 పదాలు. స్కీమా, సాంశీకరణం, అనుగుణ్యం, సమతుల్యత. మధ్య రెండూ తారుమారు చేసేవాళ్లు ఎక్కువ కాబట్టి ఉదాహరణతో పట్టుకోండి. ఆవు మాత్రమే తెలిసిన పిల్ల బర్రెను చూసి "ఆవు" అంటే సాంశీకరణం: కొత్తది పాత స్కీమాలో ఇమిడింది. అది ఆవు కాదని తెలిసి, "బర్రె" అని వేరుగా గుర్తిస్తే అనుగుణ్యం: స్కీమాయే మారింది.

3వ పేరా, దశలు, 110 పదాలు. ఇంద్రియ చాలక (0–2), పూర్వ ప్రచాలక (2–7), మూర్త ప్రచాలక (7–11), అమూర్త ప్రచాలక (11 పైన). మొదటిదానికి వస్తు స్థిరత్వం ఒక వాక్యం, నాలుగోదానికి ఒక వాక్యం. మిగతా చోటంతా రెండో దశలోని అహం కేంద్రవాదానికి, మూడో దశలో వచ్చే పదిలపరచుకునే భావనకు. ఆ రెండు ప్రయోగాలూ ఇక్కడ వర్ణిస్తేనే 4, 5 పేరాలకు ఆధారం ఉంటుంది.

4వ పేరా, మొదటి విమర్శ, దాదాపు 70 పదాలు. దీన్ని పూర్తిగా రాసి చూపిస్తున్నాం:

"పదిలపరచుకునే భావనను పరీక్షించిన తీరులోనే ఒక చిక్కు ఉంది. సమానమైన రెండు వరుసల బిళ్లల్లో ఒకదాన్ని ఎడంగా జరిపి, రెండూ సమానమేనా అని పిల్లలను మళ్లీ అడుగుతారు. పెద్దవాళ్లు కావాలని మార్చి, అడిగిందే మళ్లీ అడిగితే జవాబు కూడా మార్చాలేమోనని పిల్లలకు అనిపించవచ్చు. మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ 1974లో 'అల్లరి టెడ్డీ' బొమ్మ వరుసను చెదరగొట్టినట్లు చేయగా 4–6 ఏళ్ల పిల్లల్లో సరైన జవాబులు బాగా పెరిగాయి. కాబట్టి పియాజే పిల్లల సామర్థ్యాన్ని తక్కువగా అంచనా వేశారనాలి. అయితే టెడ్డీతో కూడా కొందరు తప్పే చెప్పారు. ఆ భావన వయసుతో వస్తుందన్న మాట దీంతో కొట్టుకుపోదు."

ఇందులో వాక్యాల వరుస చూడండి: ఆరోపణ, ప్రయోగం, ఎందుకు తప్పు, సాక్ష్యం, కాబట్టి, అయితే. "కాబట్టి" లేకపోతే అది విమర్శ కాదు, మరో వర్ణన. "అయితే" వాక్యం చాలామంది రాయరు. మంచి పేపర్‌ను మామూలు పేపర్ నుంచి విడదీసేది అదే.

5వ పేరా, 70 పదాలు. మూడు పర్వతాల ప్రయోగం పిల్లలకు అర్థం లేని పని అన్న వాదన. హ్యూస్ 1975లో పోలీసు బొమ్మకు కనబడకుండా పిల్లాడి బొమ్మను దాచమంటే మూడున్నర నుంచి అయిదేళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం సరిగ్గా దాచారు. "అయితే"కి: కనబడుతుందా లేదా చెప్పడం వేరు, అవతలివాళ్లకు ఎలా కనబడుతుందో చెప్పడం వేరు. బైలర్జాన్ శిశువుల ప్రయోగాలు కూడా తెలుసు కదా అని ఇక్కడే ఇరికిస్తే రెండూ సగం సగం అవుతాయి.

6వ పేరా, సంస్కృతి, 70 పదాలు. ప్రైస్-విలియమ్స్ బృందం (1969) మెక్సికోలో కుమ్మరి కుటుంబాల పిల్లలను చూస్తే, మట్టి ముద్ద ఆకారం మారినా పరిమాణం మారదని మిగతా పిల్లల కంటే బాగా చెప్పారు. అనుభవం వేగాన్ని మారుస్తుందన్న మాట. ఇక్కడి నుంచి వైగోట్‌స్కీ సామీప్య వికాస మండలానికి ఒక వాక్యంలో వెళ్లవచ్చు. కొత్తవాడ జంపఖానాల నేతగాళ్ల పిల్లలను ఉదాహరణగా తేవాలనిపిస్తే "ఊహించవచ్చు" అని రాయండి. "పరిశోధనలో తేలింది" అంటే అబద్ధం.

7వ పేరా, తీర్పు, 45 పదాలు. "ఈ విధంగా ఈ సిద్ధాంతం విద్యారంగంలో ఎంతో ఉపయోగకరం" అనే వాక్యం ఏ సిద్ధాంతానికైనా అతుకుతుంది, అందుకే పనికిరాదు. క్రమం ఎంతవరకు నిలిచింది, వయసులు ఎందుకు నిలవలేదు, పై మూడు సాక్ష్యాల్లో ఏది బలమైనది – ఇవి చెప్పండి. మా లెక్కలో బలమైనది టెడ్డీ. మీరు కుమ్మరి పిల్లలే అన్నా కారణం ఉంటే చాలు.

ఒక తప్పు మాత్రం విడిగా చెప్పాలి. "పియాజే తన ముగ్గురు పిల్లలనే పరిశీలించాడు" అని దాదాపు అందరూ రాస్తారు. శైశవం మీద చేసిన పరిశీలనలకే అది వర్తిస్తుంది. పర్వతాల ప్రయోగం లాంటివి వేరే పిల్లలతో జరిగాయి. "శైశవ పరిశీలనలు" అన్న మాట చేరిస్తే వాక్యం నిలబడుతుంది.

చివరి 4 నిమిషాల్లో చూడాల్సినవి: 4, 5, 6 పేరాల్లో "కాబట్టి", "అయితే" ఉన్నాయా, సంవత్సరాలు సరేనా, సాంశీకరణం–అనుగుణ్యం తారుమారు కాలేదా. 30వ నిమిషానికి ఇంకా 4వ పేరాలోనే ఉంటే 5వ పేరా వదిలేసి 6కి వెళ్లండి, 7 మాత్రం వదలొద్దు.