ఎండ ఎక్కువ పడ్డ ఫోటో

మా బీరువాలో ఒక మ్యాక్సీ సైజు కలర్ ఫోటో ఉంది. నాలుగు మూలలా సెలోటేపు అంటించి పీకిన పసుపు మరకలు. కువైట్‌లో ఉన్నప్పుడు అమ్మ దాన్ని సూట్‌కేసు మూతకి లోపలివైపు అంటించుకుందట. వెనక మావయ్య చేతిరాత: "23-11-96. అందరం క్షేమం."

ఫోటోలో అయిదుగురం. కుర్చీల్లో తాతయ్య, అమ్మమ్మ. వాళ్ల వెనక మావయ్య. కింద చాప మీద నేను, తమ్ముడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు, వాడికి అయిదు. నాన్న లేడు. ఆయన మా ఇంట్లో ఏ ఫోటోలోనూ లేడు, అది వేరే కథ. వెనక సున్నం వేసిన గోడ. తాతయ్య ఇస్త్రీ చొక్కా, అమ్మమ్మ జరీ అంచు చీర, నా గులాబీ రంగు గౌను. చూసినవాళ్లెవరైనా "కలిగిన కుటుంబంలా ఉన్నారే" అనాల్సిందే. అలా అనిపించడానికే తీయించారు.

ఆ తారీఖుకి సరిగ్గా పదిహేడు రోజుల ముందు, 1996 నవంబర్ 6 రాత్రి, కోనసీమ మీద తుపాను పడింది. వెయ్యి మందికి పైగా పోయారు. మాది ముమ్మిడివరం అవతల, గౌతమి గట్టు దగ్గర ఊరు. మా పెంకుటిల్లు కప్పు ఎగిరిపోతుంటే పక్కింటివాళ్ల డాబాలోకి పరిగెత్తాం. ఆ రాత్రి గురించి నాకు గుర్తున్నది తక్కువ. తమ్ముడు నా మెడ వదల్లేదు, గాలి రైలు పోతున్నట్టు పోతూనే ఉంది, అంతే. తెల్లారింది మాత్రం బాగా గుర్తు. తలుపు తీస్తే ఆకాశం కనిపించింది. ఇందులో వింతేముంది అంటారేమో. కొబ్బరితోటలో ఇల్లున్నవాళ్లకి పెరట్లోంచి అంత ఆకాశం కనిపించదు. మా అరవై రెండు చెట్లలో తొమ్మిది నిలబడ్డాయి. వాటికీ మొవ్వులు మెలితిరిగిపోయాయి.

అమ్మ 1994లో వెళ్లింది, ఇళ్లలో పనికి. ఖద్దామా పని అనేవాళ్లు మా ఊళ్లో. రెండేళ్లని చెప్పి వెళ్లింది, ఆ డిసెంబర్‌కి వచ్చెయ్యాలి. తుపాను సంగతి అక్కడి తెలుగువాళ్ల ద్వారా తెలిసి, ఎలా ఉన్నారో ఫోటో తీయించి పంపమని ఎవరో ఊరొస్తుంటే కబురు పెట్టింది. "దానికి టెన్షన్ పెట్టకండి" అన్నాడు తాతయ్య. ఉత్తరం ఆయన చెప్తుంటే మావయ్య రాశాడు: గాలి కాస్త గట్టిగానే వేసింది, మనకేం నష్టం లేదు, ఆయ్, పిల్లలు బడికి వెళ్తున్నారు.

బడి కప్పు కూడా లేచిపోయింది. మేం ఎక్కడికీ వెళ్లడం లేదు.

ఫోటోగ్రాఫర్ అమలాపురం నుంచి లూనా మీద వచ్చాడు. దారి పొడుగునా పడిపోయిన చెట్ల మీదుగా బండి ఎత్తుకుంటూ వచ్చానన్నాడు. మా ఇంటి ముందు తీస్తే వెనక వాసాలు కనిపిస్తాయని పక్కింటి గోడ దగ్గర కుర్చీలు వేయించాడు. కుర్చీలూ వాళ్లవే. నా గౌను వాళ్లమ్మాయిది. నా వయసుకి పెద్దది, అందుకే వీపు దగ్గర మూడు పిన్నీసులు పెట్టారు. ముందునుంచి కనిపించవు. తాతయ్య కుడికాలికి మేకు దిగి కట్టు కట్టి ఉంది. ఫోటోగ్రాఫర్ కెమెరాలోంచి చూసి, తల పైకెత్తి, "పాపని ఇటు జరపండి, ఆ కాలికి అడ్డంగా" అన్నాడు. నేను జరిగాను. నా భుజానికి ఆ కట్టులోంచి వచ్చే మందు వాసన ఇప్పటికీ అంటుకునే ఉన్నట్టుంటుంది.

ఫోటో, ఉత్తరం వెళ్లాయి. నెలన్నరకి జవాబొచ్చింది. అందులో అందరి క్షేమాలూ అడిగాక చివర ఒక్క వాక్యం: "ఈ ఏడు మొక్కలు ఎన్ని వేస్తున్నారు?"

తాతయ్య ఉత్తరం పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాడు. తర్వాత మావయ్యని నిలదీశాడు, "నువ్వే విడిగా రాశావురా" అని. మావయ్య ఒట్టేసినా నమ్మలేదు. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

ఎవరూ రాయలేదని నాకు పదహారేళ్లప్పుడు తెలిసింది. అమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది, నేను బీరువా సర్దుతూ ఈ ఫోటో తీశాను. "గోడ చూడు" అంది. తాతయ్య భుజం పక్కన తారుతో గీసిన గీత, దాని పైన 86 అని అంకె, సగమే కనిపిస్తుంది. 1986 ఆగస్టు వరదకి నీళ్లు అక్కడిదాకా వచ్చాయని పక్కింటాయన గీసుకున్న గుర్తు అది. మనకి సొంత ఇల్లుండగా వాళ్ల గోడ ముందు ఎందుకు కూర్చున్నారు అనుకుందట ముందు. రెండోది అమ్మమ్మ చెవులు. నేను ఎన్నిసార్లు చూశానో ఆ ఫోటో, ఎప్పుడూ ఆ చెవుల మీద దృష్టి పోలేదు. రాళ్ల దుద్దులు లేవు. బరువుకి సాగిన చిల్లులు మాత్రం సన్నగా, నిలువుగా కనిపిస్తున్నాయి. ఆవిడ ఆ దుద్దులు మా తాతమ్మ పోయిన రోజు కూడా తియ్యలేదట.

"అవి తాకట్టుకి వెళ్లాయనుకున్నాను. అంతవరకే అయితే వచ్చేద్దును" అంది అమ్మ.

మరి?

"మొహాలు చూడు."

అందరం కళ్లు చికిలించుకుని ఉన్నాం. తమ్ముడైతే ఒక కన్ను పూర్తిగా మూసేశాడు. ఎండ నేరుగా మొహాల మీద పడుతోంది. అమ్మ లేచి, చేతులు తుడుచుకుని, ఇంకో ఫోటో తీసుకొచ్చింది. అదే గోడ, 1993, పక్కింటివాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షన్. అందులో ఆ పిల్ల మొహం మీద, గోడ మీద, పట్టు లంగా మీద సన్నటి చారలు. కొబ్బరాకుల నీడ. ఆ రోజుల్లో ఫోటోగ్రాఫర్లకి మా ఊరంటే విసుగు, ఎక్కడ నిలబెట్టినా చారలు పడతాయని. నవంబర్ ఫోటోలో ఒక్క చార లేదు.

దేశవాళీ మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. అమ్మ ఆ లెక్క వేసుకుంది. ఇంకో మూడేళ్లు ఉంటానని యజమానికి చెప్పింది. 1999లో వచ్చింది.

నేను ఊరుకోకుండా, అదే ఉత్సాహంలో, అమ్మ అక్కడినుంచి పంపిన ఫోటో కూడా తీశాను. ఉన్నది అదొక్కటే. స్టూడియోలో తీయించుకున్నది. వెనక నీలం తెర మీద జలపాతం, పక్కన స్టూలు మీద ప్లాస్టిక్ పూలకుండీ. కొత్త చీర కట్టుకుని నవ్వుతోంది. ఇంత కాలం నవ్వునే చూశాను. ఆ రోజు మాత్రం చేతుల కోసం చూశాను. కుడిచెయ్యి కుర్చీ మీద ఉంది. ఎడమచెయ్యి మోచేతి కిందనుంచి పూలకుండీ వెనక్కి వెళ్లిపోయింది.

"చెయ్యి అటెందుకు పెట్టావు?"

అమ్మ పిక్కల పళ్లెం దగ్గరికి జరుపుకుంది. "స్టూడియోవాడు అలా పెట్టమన్నాడు" అంది.

తాతయ్య కాలికి అడ్డంగా నన్ను జరపమన్నదీ ఫోటోగ్రాఫరే.