ఆపరేషన్ తర్వాత నొప్పి, మత్తు స్కోరు చార్టు: సర్జికల్ వార్డు, బెడ్ 14

పేషెంట్: పురుషుడు, 62 ఏళ్లు, 84 కిలోలు. పొట్ట కోసి పెద్దపేగులో కొంత భాగం తీశారు. మధ్యాహ్నం 2 గంటలకు రికవరీ నుంచి వార్డుకు వచ్చారు.

మందులు: పారాసెటమాల్ 1 గ్రాము, 6 గంటలకోసారి. నొప్పి ఎక్కువైతే మార్ఫిన్ 2 మి.గ్రా. నరంలోకి మెల్లగా. రెండు డోసుల మధ్య కనీసం 15 నిమిషాలు ఉండాలి. 4 గంటల్లో మొత్తం 10 మి.గ్రా. దాటకూడదు.

జాగ్రత్త: నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుందని, గురక కూడా గట్టిగా పెడతారని భార్య చెప్పారు. మొదటి 24 గంటలు గంటకోసారి, ప్రతి మార్ఫిన్ డోసు తర్వాత 15వ, 30వ నిమిషంలో చూడాలి. నిద్రమాత్ర, మత్తు తెచ్చే అలర్జీ ఇంజెక్షన్ డాక్టర్‌ను అడగకుండా వద్దు.

చూసే వరుస

ముందు ఊపిరి లెక్కపెట్టండి, ఆయన్ను లేపకముందే. లేపితే ఊపిరి పెరుగుతుంది, అసలు లెక్క దొరకదు. పూర్తి నిమిషం లెక్కించాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఆగి ఆగి వచ్చే ఊపిరి తెలియదు. తర్వాత పేరు పెట్టి పిలిచి మత్తు చూడండి. నొప్పి అడగడం చివర.

మత్తు స్కోరు

| స్కోరు | ఎలా ఉంటారు | ఏం చేయాలి |
|---|---|---|
| ని | మామూలు నిద్ర, పిలిస్తే లేస్తారు | ఊపిరి బాగుంటే మార్ఫిన్ ఇవ్వొచ్చు |
| 1 | మెలకువ, చురుగ్గా | ఇవ్వొచ్చు |
| 2 | కొంచెం మగత, పిలవగానే లేస్తారు | ఇవ్వొచ్చు |
| 3 | మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోతారు | మార్ఫిన్ ఆపి డాక్టర్‌ను పిలవాలి |
| 4 | కుదిపినా సరిగా పలకరు | ఎమర్జెన్సీ |

‘ని’కి, 3కి తేడా తెలియాలంటే ఒక ప్రశ్న అడగండి: “ఇంటి నుంచి ఎవరొచ్చారండీ?” జవాబు పూర్తిగా చెబితే ‘ని’. సగంలో కళ్లు మూతలు పడితే 3. “హాయిగా పడుకున్నారు, లేపడమెందుకు” అని ఇంట్లోవాళ్లు అంటారు. అయినా లేపాలి.

నొప్పి స్కోరు (0 నుంచి 10)

పడుకున్నప్పుడు ఎంత, దగ్గినప్పుడు ఎంత అని రెండూ రాయాలి. దగ్గలేకపోతే కఫం ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది కాబట్టి ఈ పేషెంటుకు రెండోదే ముఖ్యం. ఆయన చెప్పిన అంకె వేయండి, మీకు అనిపించింది కాదు. 0–3 ఉంటే పారాసెటమాల్ చాలు. 4 దాటి, దానివల్ల దగ్గలేకపోతే మార్ఫిన్. 7 పైన ఉంటే మార్ఫిన్ ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ అడగాలి. నొప్పి 8, మత్తు 3 ఒకేసారి ఉంటే మత్తుదే పైచేయి: మార్ఫిన్ వద్దు, డాక్టర్ కావాలి.

వెంటనే ఎమర్జెన్సీ టీమ్ (ఎక్స్‌టెన్షన్ 222)

మత్తు 4, లేదా ఊపిరి నిమిషానికి 8 కంటే తక్కువ, లేదా ఆక్సిజన్ పెట్టినా 90 శాతం కంటే తక్కువ. మార్ఫిన్ ఆపండి, గట్టిగా పిలిచి కుదపండి, గడ్డం పైకెత్తండి, ఆక్సిజన్ పెంచండి. నలోక్సోన్ ట్రే బెడ్ దగ్గరికి తెచ్చుకోండి. నలోక్సోన్ పనితనం మార్ఫిన్ కంటే ముందే తగ్గిపోతుంది, మత్తు మళ్లీ రావచ్చు. లేచి కూర్చున్నారని పక్క నుంచి కదలొద్దు.

10 నిమిషాల్లో డ్యూటీ డాక్టర్ (ఎక్స్‌టెన్షన్ 214)

- మత్తు 3
- ఊపిరి 8 లేదా 9, లేదా మధ్యలో 10 సెకన్లు ఆగడం
- ఆక్సిజన్ 90–93 శాతం. ఆక్సిజన్ పెట్టినప్పుడు అంకె బాగున్నా ఊపిరి మందగించి ఉండొచ్చు, అంకెను చూసి ధీమా పడొద్దు
- 4 గంటల మార్ఫిన్ పరిమితి అయిపోయినా నొప్పి 7 పైన
- తగ్గుతున్న నొప్పి ఒక్కసారిగా పెరగడం, పొట్ట బిగుసుకోవడం, ఛాతీలో లేదా పిక్కలో కొత్త నొప్పి
- పై బీపీ 90 కంటే తక్కువ, లేదా నాడి 120 పైన

డాక్టర్ 10 నిమిషాల్లో రాకపోతే 222కు చేయండి. ఎవరూ తప్పు పట్టరు.

మొదటి రాత్రి నమోదు

| సమయం | ఊపిరి | ఆక్సిజన్ | మత్తు | నొప్పి (పడుకుని/దగ్గితే) | చేసింది |
|---|---|---|---|---|---|
| రాత్రి 10:00 | 16 | 97 | 1 | 5/8 | మార్ఫిన్ 2 మి.గ్రా. |
| 10:15 | 15 | 97 | 1 | 4/7 | మార్ఫిన్ 2 మి.గ్రా. |
| 10:30 | 14 | 96 | 2 | 3/5 | గమనిక మాత్రమే |
| 10:45 | 14 | 96 | 2 | 2/4 | దగ్గగలిగారు |
| 11:45 | 12 | 96 | ని | అడిగితే 2 | లేపితే పూర్తి జవాబు |
| 12:45 | 9 | 95 | 3 | చెప్పలేకపోయారు | మార్ఫిన్ నిలిపివేత, 214కు ఫోన్ 12:47కి |
| 12:54 | 10 | 95 | 3 | – | డాక్టర్ వచ్చారు, తలవైపు ఎత్తారు, 15 నిమిషాలకోసారి చూడమన్నారు |
| 1:10 | 12 | 96 | 2 | 3/5 | భార్య పేరు చెప్పారు |

12:45కి ఆక్సిజన్ 95 ఉంది. అలారం మోగలేదు.