నడుము తిప్పకండి, తుంటి తిప్పండి: ఎనిమిది వారాల గోల్ఫ్ ప్లాన్

సార్, నమస్తే.

శనివారం మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్లు దగ్గరగా ఉంచి, ఒక్కో పాదాన్ని బయటికి తిప్పమన్నాను గుర్తుందా? కుడి పాదం బాగానే వెళ్లింది. ఎడమది సగంలోనే ఆగిపోయింది, మిగతాది మీరు నడుము వంచి సర్దుకున్నారు. పద్నాలుగో హోల్ దాటాక మొదలయ్యే మీ నడుము నొప్పికి మూలం అక్కడే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మీది కుడిచేతి ఆట. డౌన్‌స్వింగ్‌లో బరువంతా ఎడమ కాలి మీదికి వస్తుంది, ఆ కాలి మీదే ఒళ్లు తిరగాలి. ఎడమ తుంటి తిరగనంటే ఆ పని నడుము మీద పడుతుంది. నడుములోని ఐదు పూసలూ కలిసినా ఒక పక్కకి పది, పదిహేను డిగ్రీలకు మించి తిరగవు. అవి ఉన్నది బరువు మోయడానికి. తిరగాల్సింది కింద తుంటి, పైన వీపు. అందుకే మీరు యూట్యూబ్‌లో చూసి చేస్తున్న, కూర్చుని నడుము అటూ ఇటూ తిప్పే రష్యన్ ట్విస్టులు ఈ రోజు నుంచే ఆపేయండి.

రోజూ, పది నిమిషాలు

నేల మీద కూర్చుని ఎడమ కాలు ముందు, కుడి కాలు పక్కన, రెండు మోకాళ్లూ 90 డిగ్రీల్లో మడవండి. వెన్ను నిటారుగా ఉంచి, చేతులు ఆనించకుండా మోకాళ్లను అటు నుంచి ఇటు మార్చండి. ఎనిమిదిసార్లు. ఎడమ కాలు వెనక పక్కకి వచ్చినప్పుడు ఆగి, మోకాలు నేలకి ఆనించే ఉంచి, పాదాన్ని పైకి లేపే ప్రయత్నం చేయండి, ఐదు సెకన్లు. మొదటి వారం అది కదలదు, తుంటి లోపల పట్టేసినట్టుంటుంది. కదలకపోయినా లేపుతూనే ఉండండి. నాకు కావాల్సింది ఆ ప్రయత్నమే.

తర్వాత పక్కకి పడుకుని, మోకాళ్లు ముడుచుకుని, పై చేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవండి. పక్కకి ఎనిమిది. ఆ పైన చేతులూ మోకాళ్ల మీద ఉండి ఒక చెయ్యి, దానికి ఎదురు కాలు చాపే బర్డ్ డాగ్, పక్కకి మోచేతి మీద ఒళ్లు నిలిపే సైడ్ ప్లాంక్. పది సెకన్లు పట్టి వదలడం, ముందు ఐదుసార్లు, తర్వాత మూడు, తర్వాత ఒకటి. నిమిషాల తరబడి బిగబట్టి వణకాల్సిన పని లేదు.

ఒక్క మాట, ఇవి నిద్ర లేచిన వెంటనే వద్దు. రాత్రంతా పడుకుంటే డిస్కుల్లో నీరు చేరి ఉబ్బుతాయి, లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. ఆరు గంటల టీ టైమ్ ఉన్న ఆదివారం ఐదింటికల్లా లేవండి. షూ లేసులు కూర్చుని, కాలు పైకి తెచ్చుకుని కట్టుకోండి. ముందు పది నిమిషాలు నడిచి, వెడ్జ్‌తో మొదలుపెట్టి, డ్రైవర్ చివర్లో తీయండి.

మంగళ, శుక్రవారాలు జిమ్‌లో

ఒళ్లు తాజాగా ఉన్నప్పుడే మెడిసిన్ బాల్. మూడు కిలోలది చాలు. గోడకి పక్కగా నిలబడి, వెనక కాలితో నేలని నెట్టి, తుంటి ముందు తిరిగి, చేతులు ఆఖర్న రావాలి. ఐదేసి చొప్పున మూడు సెట్లు, మధ్యలో నిమిషం పైనే విశ్రాంతి. ప్రతి బాలూ గోడ పగిలేలా పడాలి. ఆ చప్పుడు తగ్గిందంటే సెట్ అయిపోయినట్టే. రెండో పక్కకి కూడా అన్నే వేయండి, ఏళ్ల తరబడి ఒకే పక్కకి తిరిగిన ఒళ్లు మీది.

తర్వాత ట్రాప్ బార్ డెడ్‌లిఫ్ట్, నలభై కిలోలతో ఐదేసి, మూడు సెట్లు. ఫామ్ చెడకపోతే వారానికి రెండున్నర నుంచి ఐదు కిలోలు పెంచుదాం. శుక్రవారం దాని బదులు స్ప్లిట్ స్క్వాట్, కాలికి ఎనిమిది. ఎడమ కాలు ముందు పెట్టినప్పుడు మోకాలు లోపలికి వాలుతోంది, అద్దం చూసుకుంటూ చేయండి.

రెండు రోజులూ చివర్లో పాలోఫ్ ప్రెస్, అంటే కేబుల్ మెషీన్‌కి పక్కగా నిలబడి పిడిని ఛాతీ నుంచి ముందుకి నెట్టడం. కేబుల్ మిమ్మల్ని పక్కకి తిప్పాలని చూస్తుంది, మీరు తిరగకూడదు. పక్కకి పది. నడుముకి నేర్పాల్సింది ఈ పట్టే. ఆ తర్వాత ఒక చేత్తో పదహారు కిలోల కెటిల్‌బెల్ పట్టుకుని, పక్కకి వాలకుండా ముప్ఫై అడుగులు నడక, చేతికి రెండుసార్లు.

టైగర్ వుడ్స్ 2017లో నడుము పూసలు కలిపే సర్జరీ చేయించుకుని, 2019లో మాస్టర్స్ గెలిచాడు. ఆయన తిరిగి రావడం చూసి నాకూ కళ్లు చెమర్చాయి. కానీ మీరు అంతదాకా వెళ్లకూడదనే నా తాపత్రయం. నొప్పి కాలిలోకి దిగినా, పాదం తిమ్మిరెక్కినా బరువులు అక్కడే వదిలేసి డాక్టర్ గారి దగ్గరికి వెళ్లండి, తర్వాతే నాకు ఫోన్.

కండరాలు పట్టేసినట్టుండటం వేరు, అది రెండు రోజుల్లో పోతుంది. మొదటి రెండు వారాలు రేంజ్‌లో యాభై బంతులు దాటకండి. నాలుగో వారం శనివారం మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెట్టి ఎడమ పాదం ఎంత దూరం వెళ్తుందో చూస్తాను. ఆ రోజు షార్ట్స్ వేసుకుని రండి.