పాత ప్రశ్నపత్రాల కోసం

అన్నా, నమస్తే. నేను మన డిపార్ట్‌మెంట్‌లోనే బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. రెండో సెమిస్టరు ఉష్ణ భౌతికశాస్త్రం పాత ప్రశ్నపత్రాలు మీ దగ్గర ఉంటే దయచేసి ఇవ్వగలరా? జవాబులు అక్కర్లేదు, అవి నేనే రాసుకుంటాను. ఏ యూనిట్ నుంచి పెద్ద ప్రశ్న వస్తుందో, కార్నో యంత్రం దక్షతకు సూత్రాన్ని మొదటి నుంచి రాబట్టమంటారో, లేక రెండు ఉష్ణోగ్రతలు ఇచ్చి లెక్క చేయమంటారో, ఛాయిస్ ఎలా ఉంటుందో తెలిస్తే, మిగిలిన సమయాన్ని దేనిమీద పెట్టాలో నిర్ణయించుకోగలను. మీరు పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకున్న కాగితాలైనా పరవాలేదు, నిజానికి అవే మేలు. మీకు వీలైన సాయంత్రం చెబితే, హన్మకొండ చౌరస్తాలో జిరాక్స్ తీయించుకొని అప్పుడే తిరిగి ఇచ్చేస్తాను.