అంకెలు తారుమారయ్యే లెక్కలు: పదో తరగతి ఆదివారం క్లాసు, దిల్‌సుఖ్‌నగర్ బ్యాచ్

పదుల స్థానంలో x, ఒకట్ల స్థానంలో y ఉంటే ఆ సంఖ్య 10x + y. దాన్ని xy అని రాయకండి. బీజగణితంలో xy అంటే ఆ రెండు అంకెల లబ్ధం. మిగతా లెక్కంతా సరిగ్గా చేసినా ఈ ఒక్కచోట జవాబు తప్పిపోతుంది.

అంకెలు తారుమారు చేస్తే వచ్చే సంఖ్య 10y + x. రెండూ కలిపితే 11(x + y). మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 9(x − y). అందుకని మొత్తం ఇస్తే ముందు 11తో, భేదం ఇస్తే 9తో భాగించండి. పెద్ద సమీకరణం అక్కడికక్కడే చిన్నదైపోతుంది.

లెక్క 1. కోఠిలో కొన్న రెండు పాత పుస్తకాల ధరలు రెండంకెల సంఖ్యలు. ఒకదాని అంకెలు తిప్పి రాస్తే రెండోదాని ధర. రెండూ కలిపి 121 రూపాయలు. అంకెల భేదం 3. ధరలెంత?

సాధన: 11(x + y) = 121, కాబట్టి x + y = 11. పెద్ద అంకె x అనుకుంటే x − y = 3. రెండూ కూడితే 2x = 14, x = 7, y = 4. ధరలు 74, 47 రూపాయలు. ఇదే లెక్కలో "ఆ సంఖ్య ఏది?" అని అడిగి, ఏ అంకె పెద్దదో చెప్పకపోతే 74, 47 రెండూ జవాబులే. ఒకటి రాసి ఆగిపోవద్దు.

లెక్క 2. బేగంబజార్‌లో ఒక కిరాణా కొట్టు గుమాస్తా రెండంకెల మొత్తాన్ని అంకెలు తిప్పి రాశాడు. లెక్క 54 రూపాయలు ఎక్కువ తేలింది. రాసిన సంఖ్యలో పదుల అంకె ఒకట్ల అంకెకు 4 రెట్లు. అసలు మొత్తం ఎంత?

సాధన: రాసిన సంఖ్య 10x + y అనుకుందాం. 9(x − y) = 54, కాబట్టి x − y = 6. x = 4y కనుక 3y = 6, y = 2, x = 8. రాసింది 82, అసలు మొత్తం 28 రూపాయలు. సరిచూడండి: 82 − 28 = 54. ఖాతాలో తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమోనని లెక్కలు రాసేవాళ్లు ముందు చూసేది ఇందుకే. తేడా 9 గుణిజం కాకపోతే తప్పు కేవలం తారుమారు వల్ల వచ్చింది కాదు.

ఇంకో సంగతి. మొత్తం 99, భేదం 18 అని ఇచ్చారనుకోండి. x + y = 9, x − y = 2, అంటే 2x = 11. అంకె 5.5 కాదు కదా! అలాంటి సంఖ్యే లేదు. x + y, x − y రెండూ సరి సంఖ్యలో, రెండూ బేసి సంఖ్యలో అయి తీరాలి.

ఇవి ఇంట్లో చేయండి:

3. ఒక సంఖ్య, దాన్ని తారుమారు చేసిన సంఖ్యల మొత్తం 88. మొదటిది రెండోదానికన్నా 18 ఎక్కువ. ఆ సంఖ్య ఏది?

4. ఒక సంఖ్యకు 45 కలిపితే అంకెలు తారుమారవుతాయి. ఒకట్ల అంకె, పదుల అంకెకు రెట్టింపు కన్నా 1 ఎక్కువ. ఆ సంఖ్య ఏది?

5. మొత్తం 100 రావడం సాధ్యమా? కారణం రాయండి.

6. మొత్తం 110 వచ్చే రెండంకెల సంఖ్యలు ఎన్ని?

జవాబులు: 3) 53. 4) 49. 5) సాధ్యం కాదు, 100ను 11 నిశ్శేషంగా భాగించదు. 6) 9 సంఖ్యలు: 19 నుంచి 91 వరకు 9 చొప్పున పెరుగుతూ వస్తాయి, మధ్యలో 55 కూడా ఉంటుంది.